పది కేబీల సంతకం

మా అన్న కుడిచెయ్యి విరిగిన ఏడాదే బ్యాంకు ఉద్యోగాల దరఖాస్తులు కాగితం వదిలేసి కంప్యూటర్‌లోకి మారాయి. అంతకుముందు దరఖాస్తు అంటే కవరు, ఫోటో, జిగురు, పోస్టాఫీసు. ఫోటో అంటించి పక్కన సంతకం పెడితే అయిపోయేది. ఆ ఏడు ఫోటోనూ సంతకాన్నీ కూడా స్కాన్ చేసి వాళ్లు చెప్పిన కొలతకు తగ్గించి పంపాలన్నారు. మా ఊరు నగరిలో అప్పటికి ఆ పని తెలిసినవాళ్లు తక్కువ.

మాది మగ్గాల ఇల్లు. తాత కాలంలో చేతిమగ్గాలు, నాయన కాలానికి మరమగ్గాలు. అన్న డిగ్రీ చదివి కూడా పగలంతా మగ్గం దగ్గరే నిలబడేవాడు. నేస్తూనే చదివేవాడు. మగ్గం పక్క గోడకు పుస్తకం పేజీలు చించి అంటించుకుని, నాడె అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటే పెదవులు కదిలిస్తూ వల్లెవేసేవాడు. అంతకుముందు రెండుసార్లు బ్యాంకు పరీక్ష రాశాడు. రెండోసారి ఇంటర్వ్యూ దాకా వెళ్లి వచ్చాడు. వయసు పరిమితి ప్రకారం అదే ఆఖరి అవకాశం.

నోటిఫికేషన్ పడిన వారంలోనే ప్రమాదం జరిగింది. పడుగు దారాలు చుట్టిన కొత్త బీమును, అంటే ఆ లావు రోలరును, మగ్గం మీదికి ఎక్కించాలి. అది మనిషంత బరువు. ఒక కొన అన్న పట్టాడు, ఇంకో కొన నాయన పట్టాడు. ఎక్కించేటప్పుడు నాయన వైపు జారింది. బరువంతా అన్న వైపుకు ఒరిగి, మగ్గం ఇనుప చట్రానికీ బీముకూ మధ్య అన్న మణికట్టు పడింది. నేను వంటింట్లో నుంచి పరుగెత్తుకొచ్చేసరికి అన్న నేల మీద కూర్చుని చేతిని ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. నాయన నిలబడే ఉన్నాడు. బీము పట్టుకున్నప్పుడు ఎలా ఉన్నాయో ఆయన రెండు చేతులూ ఇంకా అలాగే ఉన్నాయి.

విరిగిన ఎముక అంటే మా వైపు వేరే ఆలోచన ఉండదు, పుత్తూరే. దేశం నలుమూలల నుంచి జనం అక్కడికి కట్టు కోసం వస్తారు, మాకైతే బస్సెక్కితే పుత్తూరు. ఆసుపత్రి మాట ఎవరూ ఎత్తలేదు. కట్టు కట్టే పెద్దాయన చేతిని తడిమి చూసి, లాగి సర్ది, ఆకు పసరూ కోడిగుడ్డు సొనా పట్టించి, వెదురు దబ్బలు పెట్టి గుడ్డతో బిగించి కట్టాడు. వేళ్ల కొనలు మాత్రం బయటికి కనబడ్డాయి.

"మళ్లా కట్టు మార్చాల. ఆ తర్వాత ఇంకోటి. కదిలించగూడదు," అన్నాడు.

"చెయ్యి మునుపటి మాదిరే అవుతాదా స్వామీ?" అని నాయన అడిగాడు.

"అవుతాది, ఎందుకు కాదు?"

నాయన ఆ మాటను పట్టుకున్నాడు. ఇంటికొచ్చే బస్సులో, ఇంటికొచ్చాక అమ్మతో, పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషితో అదే చెప్పాడు. మునుపటి మాదిరే అవుతాదంట.

దరఖాస్తు ఆఖరు తేదీ రెండో కట్టుకంటే ముందే ఉంది. నగరిలో ఒక నెట్ సెంటరులో మొదట ప్రయత్నించాం. అక్కడివాడు అన్న ఫోటోను స్కాన్ చేసి, ఫైలు పేరు చివర ఉన్న బీఎంపీ అన్న అక్షరాలు చెరిపి జేపీజీ అని కొట్టాడు. సైటు తీసుకోలేదు. మళ్లీ కొట్టాడు, మళ్లీ తీసుకోలేదు. సైటే చెడిపోయిందని చెప్పి పంపించేశాడు. దాంతో కట్టు చూపించుకోవడానికి పుత్తూరు వెళ్లిన రోజే అక్కడ ఒక నెట్ సెంటరుకు వెళ్లాం. అన్న, నాయన, నేను.

అది అంతకుముందు టైపు ఇన్‌స్టిట్యూట్. మూలన ఇంకా రెండు టైపు మిషన్లు గుడ్డ కప్పుకుని ఉన్నాయి. నడిపే ఆమెకు నలభై దగ్గర ఉంటాయి. ఆమెను అందరూ అక్కా అనే పిలిచేవాళ్లు, మేమూ అలాగే పిలిచాం. విషయం విని ఆమె మొదట నగరి వాడు సీడీలో వేసిచ్చిన ఫోటో ఫైలు చూసింది.

"పేరు మారిస్తే ఫైలు మారదుప్పా," అంది అన్నతో. "ముసుగేసినంత మాత్రాన మనిషి మారతాడా? లోపల ఇంకా అదే ఉంటాది. దీన్ని తెరిచి, జేపీజీగా మళ్లా సేవ్ చెయ్యాల."

ఆ ఫోటో చెయ్యి విరిగాక తీయించింది. ఈమధ్య తీసినదే ఉండాలని నోటిఫికేషన్లో రాశారు కాబట్టి తప్పలేదు. స్టూడియోలో మెడకు వేలాడే గుడ్డ పట్టీ కనబడకూడదని దాన్ని విప్పించారు. కట్టు బరువును ఎడమచేత్తో కింద నుంచి మోస్తూ అన్న కూర్చున్నాడు. ఆ నొప్పి మొహంలో తెలిసేది. అక్క ఆ ఫోటోను తెర మీద పెద్దగా తెరిచి, తలా భుజాలూ మాత్రం మిగిలేలా కత్తిరించింది. తర్వాత వెడల్పు రెండు వందలు, ఎత్తు రెండు వందల ముప్పై చుక్కలకు, అంటే పిక్సెళ్లకు, తగ్గించింది. సైటు ఇరవై నుంచి యాభై కేబీల మధ్య అడిగింది. ఫోటో ముప్పై చిల్లరకు వచ్చింది. ఎక్కించగానే తీసుకుంది. తెర మీద అగ్గిపెట్టెంత అన్న మొహం కనబడింది. అంత చిన్నది చేసినా ఆ నొప్పి పోలేదు.

"ఇంక సంతకం," అంది అక్క. అప్పుడు ఆమె చూపు కట్టు మీదికి వెళ్లింది. "ఎట్లప్పా పెడతావు?"

అన్న ఎడమచేత్తో పెన్ను తీసుకుని, పక్కనున్న తెల్లకాగితం మీద మెల్లగా తన పేరు రాశాడు. అక్షరాలు చిన్నపిల్లల రాతలా ఉన్నాయి గాని చదవడానికి వస్తున్నాయి. కాగితాన్ని అక్క వైపు జరిపాడు.

"దీన్నే పంపిద్దాం అక్కా. పరీక్ష లోపు బాగా అలవాటు చేసుకుంటా."

"అదే మంచిది," అంది ఆమె. "ఈడ ఏది ఎక్కిస్తామో అదే హాల్ టికెట్ మీద అచ్చయి వస్తాది. పరీక్షలో వాళ్ల ఎదురుగా మళ్లా సంతకం పెట్టాల. రెండూ కలవకుంటే దరఖాస్తు కొట్టేస్తామని కింద రాసినారు, సూడు. ఏ చెయ్యి నీకు నమ్మకమో ఆ చేత్తో పెట్టు."

నాయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి వచ్చాడు. "ఎడమచేత్తో ఎందుకు?" అన్నాడు. "కట్టు ఇప్పేస్తే చెయ్యి మునుపటి మాదిరే అవుతాదని ఆయన చెప్పినాడు గదా. పరీక్షకు ఇంకా టైముండాది. బంగారట్లాంటి సంతకం పెట్టుకుని, పిల్లోడి సంతకం పంపిస్తారా?"

"నాయనా, చెయ్యి సరిగ్గా రాకపోతే?" అన్నాను నేను.

"రాకపోతే ఏంది? ఎందుకు రాదు?"

గొంతు పెంచలేదు. కానీ కట్టు వైపు చూడలేదు. అన్న ఆయన మొహం వైపు కాసేపు చూశాడు. తర్వాత ఎడమచేతి సంతకం ఉన్న కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నా పాత సంతకం ఏదన్నా ఉండాదా చూడు పాపా," అన్నాడు నాతో.

నా సంచిలో అన్న సర్టిఫికెట్ల ఫైలు ఉంది. వెతికితే లైబ్రరీ కార్డు దొరికింది. పసుపచ్చ అట్ట మీద అచ్చుగీత, ఆ గీత మీద నీలం ఇంకుతో అన్న సంతకం. మొదటి అక్షరం పెద్ద సున్నా చుట్టి, చివర కిందికి పొడుగ్గా తోక లాగేవాడు. ఆ తోక అచ్చుగీతను దాటుకుని కిందికి పోయింది.

అక్కకు అది ఇష్టం లేదు. "తెల్లకాగితం మీద నల్ల ఇంకు అన్నారు. ఇది రెండూ కాదు," అంది. నాయన వైపు చూసింది. మళ్లీ అన్నను అడిగింది, "ఇదేనా?"

"ఇదే అక్కా."

ఆమె కార్డును స్కానరు గాజు మీద బోర్లించింది. మొదట వచ్చిన బొమ్మ తెరంతా నిండింది, చాలా పెద్ద ఫైలు. సంతకానికి అడిగిన కొలత వెడల్పు నూట నలభై, ఎత్తు అరవై. ఉన్నది ఉన్నట్టు ఆ కొలతకు నొక్కితే సంతకం అణిగిపోయి బద్దలా అవుతుంది. అందుకని ముందు అదే నిష్పత్తిలో చుట్టూ చోటు వదిలి కత్తిరించింది. తర్వాత రంగు తీసి నలుపు తెలుపు చేసింది. అట్ట పసుపు బూడిద రంగు మచ్చలుగా మిగిలింది. వాటిని వెలుగు పెంచి తెల్లబరిచింది. అచ్చుగీత మాత్రం పోలేదు. రబ్బరు గుర్తు తీసుకుని గీత వెంబడి మెల్లగా తుడిచింది. గీతతో పాటు తోక కూడా కొంత పోయింది.

"తోక తెగింది," అన్నాను.

"తెలుస్తా ఉండాది. గీత ఉంటే వాళ్లు ఒప్పుకోరు." ఆమె వెనక్కి తీసుకుని ఇంకోసారి ప్రయత్నించింది. ఈసారి తోక మొదలు మిగిలింది గాని చివర లేదు. దాన్ని అలాగే నూట నలభైకి తగ్గించింది. చుక్కలు తగ్గేసరికి మొదటి అక్షరంలోని సున్నా లోపల పూడుకుపోయి నల్ల బొట్టయింది.

ఎక్కించింది. సైటు ఎర్రక్షరాలతో తిప్పికొట్టింది. ఎక్కువై కాదు, తక్కువై. పది నుంచి ఇరవై కేబీల మధ్య ఉండాలి, ఇది మూడే వచ్చింది. నాకు అర్థం కాలేదు. పెద్దది తగ్గించాలని ఇంతసేపూ తంటాలు పడ్డాం గదా.

"అంతా తెలుపే గదమ్మా, లోపల దాయడానికి ఏమీ లేదు. అందుకే తేలికైపోయింది," అంది అక్క. ఇంకో ప్రోగ్రాం తెరిచి, సేవ్ చేసేటప్పుడు నాణ్యత గుర్తును చివరిదాకా జరిపింది. అలా చేస్తే కొలత మారదు గాని ఫైలు బరువు పెరుగుతుందట. ఆరు కేబీలయింది. చాల్లేదు. నలుపు తెలుపు మానేసి రంగుల్లో సేవ్ చెయ్యబోయింది. కరెంటు పోయింది. కరెంటు వచ్చాక మొదటి నుంచి మొదలు పెట్టింది, స్కాన్ చేసిన పెద్ద బొమ్మను విడిగా దాచుకోలేదు మరి. రెండోసారి తెల్లబరచడం కొంచెం తగ్గించి, అట్ట నలకలు అక్కడక్కడా ఉండనిచ్చింది. ఆ నలకల బరువుతో ఫైలు పది దాటింది. సైటు తీసుకుంది.

తెర మీద ఫోటో, దాని కింద సంతకం. నాయన కళ్లజోడు లేకుండానే వంగి చూశాడు. "బాగుండాది," అన్నాడు. అన్న చూసి తల ఊపాడు. అది అన్న ఎప్పుడూ పెట్టని సంతకమని అప్పుడు మాలో ఎవరూ అనలేదు.

మూడో కట్టు కూడా విప్పాక చెయ్యి బయటపడింది. సన్నబడి, మణికట్టు దగ్గర ఒక పక్కకు వంగి ఉంది. వేళ్లు సగమే ముడుచుకున్నాయి. నూనె రాసి కాపడం పెట్టమన్నారు, పెట్టాం. నాయనే రోజూ కూర్చుని రాసేవాడు, ఒక్కొక్క వేలూ మెల్లగా ముడిచి తెరిచేవాడు. "నిన్నటికంటే మేలు," అనేవాడు. అన్న "మేలే నాయనా," అనేవాడు. ఆ చేత్తో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెన్ను నిలవడమే కష్టమైంది. హాల్ టికెట్ ప్రింటు వచ్చాక, దాని మీది మసక సంతకాన్ని ముందు పెట్టుకుని అన్న కాగితాల మీద కాగితాలు నింపాడు. నల్ల బొట్టును, తెగిన తోకను చూసి గీసేవాడు. తన సంతకాన్ని తానే కాపీ కొట్టడం నేర్చుకున్నాడు. ఒకటి దగ్గరగా వస్తే తర్వాతది ఎక్కడికో పోయేది.

రాతపరీక్ష తిరుపతిలో. నేను తోడు వెళ్లి కాలేజీ గేటు బయట కూర్చున్నాను. హాల్లో కాపలా చూసే ఆమె అన్న సంతకాన్నీ హాల్ టికెట్నూ పక్కపక్కన పెట్టి, రెండుమూడు సార్లు చూసిందట. అన్న చెయ్యి చూపించాడు. ఆమె పరీక్ష రాయనిచ్చింది గాని హాజరు కాగితం మీద ఏదో రాసుకుందట. ఆ చేత్తోనే జవాబుల గడులు నింపాడు. బయటికొచ్చాక చెయ్యి చంకలో పెట్టుకుని నడిచాడు.

పాసయ్యాడు. ఆ రోజు నాయన కొండకు వెళ్లి గుండు చేయించుకుని వచ్చాడు.

ఇంటర్వ్యూ హైదరాబాదులో. దానికి ముందు కాగితాలు సరిచూసే టేబులు ఉంటుంది. అక్కడ జరిగింది అన్న తిరిగొచ్చాక మెల్లమెల్లగా, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఒక ఆఫీసరు దరఖాస్తు ప్రింటు, పరీక్ష నాటి హాజరు కాగితం ముందు పెట్టుకుని, తెల్లకాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. పెట్టాడు. దాని కింద మళ్లీ పెట్టమన్నాడు. అలా పేజీ నిండేదాకా పెట్టించాడు. ఒకదానితో ఒకటి కలవలేదు. అలవాటు చొప్పున చివర పొడుగు తోక లాగాడు గాని దరఖాస్తులో తోక లేదు. గుర్తింపుకని తీసుకెళ్లిన బ్యాంకు పాసుబుక్కు మీది పాత సంతకంలో తోక ఉంది. ఆఫీసరు ఆ తోకనే అడిగాడట, ఎందుకు ఒకచోట ఉంది, ఒకచోట లేదు అని.

"చెయ్యి విరిగింది సార్ అని చెప్పినా," అన్నాడు అన్న. "ఎప్పుడని అడిగినాడు. దరఖాస్తు పెట్టకముందే అని చెప్పినా. అయితే విరిగిన చేత్తో ఈ సంతకం ఎట్లా పెట్టినావు అన్నాడు. లైబ్రరీ కార్డు మీద నుంచి తీసినామని చెప్పినా. ఆయన పక్కాయన వైపు చూసినాడు."

ఆసుపత్రి కాగితం తెమ్మని గడువు ఇచ్చారు. పుత్తూరు కట్టుకు కాగితం ఉండదు. అయినా అన్నా నాయనా వెళ్లారు. కట్టు కట్టే పెద్దాయన వాళ్లను గుర్తుపట్టి, చెయ్యి చూసి, ఇంకో కట్టు కడతానన్నాడు. కాగితం ఎవరికీ ఇవ్వలేదన్నాడు. తిరుపతిలో పెద్దాసుపత్రికి వెళ్లి ఎక్స్‌రే తీయించాం. ఎముక విరిగి వంకరగా అతుక్కుందని అక్కడి డాక్టరు రాసిచ్చాడు. ఏ నెలలో విరిగిందో మాత్రం రాయలేనన్నాడు. అప్పుడు తాను చూడలేదు గదా అన్నాడు. అందులో ఆయన తప్పు లేదు. ఆ కాగితాన్నే పంపాం.

సంతకాలు సరిపోలనందున అభ్యర్థిత్వం రద్దు చేయడమైనది అని ఇంగ్లీషులో జవాబు వచ్చింది. ఒకటే వాక్యం. అన్న దాన్ని నాయనకు తెలుగులో చెప్పాడు. నాయన విని, "ఎవురి సంతకం?" అన్నాడు. "నాదే నాయనా," అన్నాడు అన్న. నాయన లేచి మగ్గం గదిలోకి వెళ్లాడు. మగ్గం వేసిన చప్పుడు రాలేదు. చాలాసేపటికి అమ్మ వెళ్లి చూస్తే, మగ్గం పక్క గోడకు అంటించి ఉన్న పేజీలను గోటితో గీకి తీసేస్తున్నాడు.

తర్వాత అన్నకు వయసు దాటింది. ఆ చేత్తో మగ్గం నడపడమూ కుదరలేదు, తెగిన పోగును ముడివేయడానికి వేళ్లు వంగాలి. నూలు వ్యాపారి దగ్గర కొట్లో కూర్చుని సరుకు లెక్క చూసే పనిలో చేరాడు. ఎడమచేత్తో రాయడం అక్కడే నేర్చుకున్నాడు. నాయన ఆ ఎడమచేతి రాత చూడవలసి వస్తుందని కొట్టు వైపే వెళ్లేవాడు కాదు. మాకున్న రెండు మగ్గాల్లో ఒకటి అమ్మేశారు. బీము ఎక్కించవలసిన రోజు నాయన పక్కింటి వాళ్లను పిలిచి తాను బయట వీధిలో నిలబడేవాడు. బీము తన చేతిలో జారిందని ఆయన ఒక్కసారి కూడా నోరు తెరిచి అనలేదు. మేమూ అనలేదు. అలాగే పోయాడు.

ఆయన పోయిన ఏడాదికి, సంవత్సరీకం పని మీద ఊరికి వెళ్లినప్పుడు అన్నను అడిగాను. ఆ రోజు పుత్తూరులో ఎడమచేత్తో పెట్టిన సంతకమే ఎందుకు పంపలేదని. నెట్ సెంటరు అక్క చెప్పింది, నేను చెప్పాను, తాను కూడా ముందు అదే అనుకున్నాడు గదా.

అన్న కొట్టు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో కాఫీ తాగుతున్నాడు.

"చెయ్యి రాదని నాకు ఆ పొద్దే తెలుసు పాపా," అన్నాడు. "వేళ్ల కొనలు తిమ్మిరెక్కి ఉండె. కానీ ఎడమచేతి సంతకం పంపితే ఏమైతాది? ఈ చెయ్యి పోయిందని నాయన ఎదురుగా ఒప్పుకున్నట్టు అయితాది. ఆయన తలుపు కాడ ఎట్లా నిలబడినాడో నువ్వు చూడలే. నేను చూసినా."

"ఉద్యోగం పోయింది గదన్నా," అన్నాను.

"పోయింది," అన్నాడు.  "ఆయనకు ఏమన్నా మేలు జరిగిందా అంటే అదీ లేదు. ఉద్యోగం వచ్చుంటే ఆయన ఆ మగ్గం గదిలో అట్లా అయిపోయేవాడు కాదు. ఆ పొద్దు అది నాకు తోచలే."

కొట్లో నుంచి ఎవరో పిలిచారు. లోడు వచ్చింది, రసీదు మీద సంతకం కావాలన్నారు. అన్న గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్లాడు.